చేవెళ్ల బర్రెపాలు నార్సింగి గుమ్మానికి: ప్రాజెక్టు డైరీ

నవంబరు

పని ఇది. చేవెళ్ల, షాబాద్ మండలాల్లో మాకు తెలిసిన పాడి రైతుల దగ్గర బర్రెపాలు తీసుకోవాలి. నార్సింగి, మణికొండ వైపు అపార్ట్‌మెంట్లలో పొద్దున ఆరున్నరలోపు గుమ్మం దగ్గర పెట్టాలి. పచ్చిపాలే, ఏ ప్లాంటుకూ పోవు. బీజాపూర్ రోడ్డు మీద దూరం సుమారు 30 కిలోమీటర్లు. తెల్లవారుజామున గంటలోపే చేరిపోవచ్చు. కాబట్టి దూరం పెద్ద కష్టం కాదు. పితికిన పాలు వేడి తగ్గకుండా ఎంతసేపు ఉంటాయన్నదే ఈ పనిని నిలబెట్టేది, పడగొట్టేది.

ముందు తేల్చుకోవాల్సింది ఏ పూట పాలు తీసుకోవాలన్నది. తాజాగా ఉంటాయి కదా అని అందరూ పొద్దున పాలే అనుకుంటారు. లెక్క వేస్తే కుదరదు. పొద్దున పితకడం నాలుగున్నరకు మొదలై ఐదున్నరకు ముగుస్తుంది. నలుగురైదుగురు రైతుల దగ్గర పరీక్ష చేసి, కొలిచి, పోసుకుని బయలుదేరేసరికి ఆరు దాటుతుంది. చివరి ఇంటికి చేరేది ఎనిమిదిన్నరకు. అప్పటికి ఇళ్లలో కాఫీలు, పిల్లల బడి టిఫిన్లు అయిపోతాయి. పైగా చల్లబరచడానికి వ్యవధి లేక పాలు రెండు మూడు గంటలు గోరువెచ్చగానే తిరుగుతాయి.

అందుకే సాయంత్రం పాలు ఎంచుకున్నాం. నాలుగున్నర, ఐదున్నర మధ్య పితికినవి ఏడున్నరకల్లా 5 డిగ్రీలకు దింపి రాత్రంతా అక్కడే నిలిపితే తెల్లవారి చల్లగా ఇంటికి చేరతాయి. ఇందులో ఇంకో లాభం ఉంది. సాయంత్రం పాలు మామూలుగా కాస్త చిక్కగా ఉంటాయి.

రైతు వైపు నుంచి చూసినా ఒక పూట అడగడమే సులువు. చాలామంది పాల కేంద్రం దగ్గరో, పాల వ్యాపారి దగ్గరో దాణాకీ, బర్రె కొనడానికీ బయానా తీసుకుని ఉంటారు. మొత్తం పాలు మాకు పోయమంటే ఆ బాకీ తీర్చి రావాలి. సహకార సంఘం సభ్యులైతే సభ్యత్వం, బోనసు నిలవడానికి అక్కడా పోస్తూ ఉండాలి. పొద్దున పాలు కేంద్రానికి, సాయంత్రం పాలు మాకు అంటే ఆ సంబంధం తెగదు. మా గిరాకీ తగ్గిన రోజు మిగిలిన పాలు పోసుకునే దారి కూడా రైతుకు మూసుకుపోదు.

నవంబరు చివరి వారం: పాలు తీసుకునే దగ్గర

చేతిలో ఉండాల్సినవి లాక్టోమీటరు, థర్మామీటరు, వెన్న శాతం చూసే మిషను, పరీక్ష నాళికలు, స్పిరిట్ దీపం, తూనికలు కొలతల శాఖ ముద్ర ఉన్న లీటరు కొలత. వెన్న మిషను కొనే స్తోమత లేకపోతే గెర్బర్ పరీక్ష సామాను చాలు. అందులో గంధకికామ్లం వాడాలి కాబట్టి చేతి తొడుగులు, కళ్లద్దాలు లేకుండా మొదలుపెట్టకూడదు.

లాక్టోమీటరు ఒక్కదాన్నే నమ్మకూడదు. పాలలో నీళ్లు కలిస్తే అంకె పడిపోతుంది, నిజమే. కానీ వెన్న పాల కంటే తేలిక కాబట్టి మీగడ తీస్తే అంకె పెరుగుతుంది. మీగడ తీసి, ఆ మేరకు నీళ్లు కలిపిన పాలు లాక్టోమీటరులో మంచి పాలలాగే నిలబడతాయి. వెన్న శాతం కూడా చూస్తేనే ఆ సంగతి బయటపడుతుంది. రెండూ తెలిస్తే ఘనపదార్థం లెక్క కట్టొచ్చు. పల్లె కేంద్రాల్లో ఎక్కువగా వాడే సూత్రం ఇది. SNF అంటే వెన్న కాకుండా మిగిలిన ఘనపదార్థం, CLR అంటే వేడికి సవరించిన లాక్టోమీటరు అంకె, Fat అంటే వెన్న శాతం:

```
SNF = CLR/4 + 0.21 × Fat + 0.36
```

ఒక ఉదాహరణ చూద్దాం. వెన్న 7.0, లాక్టోమీటరు అంకె 29 ఉన్న పాలకు 7.25 + 1.47 + 0.36, అంటే 9.08 వస్తుంది. బర్రెపాలకు ఆహార భద్రతా ప్రమాణం అడిగే కనీసం 9.0కి ఇది పైనే ఉంది. అవే పాలలో పదో వంతు నీళ్లు కలిస్తే వెన్న 6.3కి, అంకె 26.1కి దిగుతాయి. ఘనపదార్థం 8.2 దగ్గర ఆగుతుంది. వెన్న 6.3 అంటే చూడ్డానికి మంచి బర్రెపాలే అనిపిస్తుంది. 8.2 అన్న అంకె మాత్రం నీళ్ల సంగతి చెప్పేస్తుంది.

కొలిచేటప్పుడు జరిగే పొరపాటు వల్ల రైతు మీద అన్యాయంగా అనుమానం పడుతుంది, అది జరగనివ్వకూడదు. అప్పుడే పితికిన పాలలో నురగ, గాలి ఉండి అంకె తక్కువ చూపిస్తుంది. అరగంట ఆగి, పాలు కింది నుంచి పైకి కలిపి, అప్పుడు చూడాలి. మన లాక్టోమీటర్లు 27 డిగ్రీలకు కట్టినవి. పాలు అంతకంటే వెచ్చగా ఉంటే డిగ్రీకి 0.2 చొప్పున కలపాలి. 32 డిగ్రీల పాలలో 28 చూపిస్తే అసలు అంకె 29. ఈ సవరణ మరిచిపోతే మంచి పాలు పోసిన మనిషిని దొంగను చేసినట్టవుతుంది, మర్నాటి నుంచి ఆ ఇంటి పాలు మళ్లీ రావు.

అన్నిటికంటే ముఖ్యమైంది కాచి చూసే పరీక్ష. ప్రతి రైతు పాలూ డబ్బాలో పోయకముందే 5 మిల్లీలీటర్లు నాళికలో తీసుకుని మరిగే నీళ్లలో ఐదు నిమిషాలు ఉంచాలి. గోడకు తునకలు అంటితే ఆ పాలు వెనక్కి. పులుపు ఎక్కినా, ఈనిన కొత్తలో వచ్చే జున్నుపాలు కలిసినా, పొదుగువాపు ఉన్న బర్రె పాలైనా ఇక్కడే పట్టుబడే అవకాశం ఎక్కువ. ఒక్కరి రెండు లీటర్లు చెడ్డవైతే డబ్బాలోని నలభై లీటర్లూ పోతాయి. పులుపు దాచడానికి తినే సోడా వేసినట్టు అనుమానం వస్తే రోజాలిక్ యాసిడ్ చుక్కలు వేసి చూడాలి. గులాబీ ఎరుపు వస్తే సోడా పడిందన్నమాట.

పరీక్ష రైతు కళ్ల ముందే జరగాలి, అంకెలు వాళ్ల పుస్తకంలోనే రాయాలి. వెన్న 6.5కి లీటరు 72 రూపాయలు, అక్కడి నుంచి ప్రతి 0.1కి ఒక రూపాయి అటూ ఇటూ అని మాట్లాడుకున్నాం. పది రోజులకోసారి డబ్బు ఇస్తాం. ఆ తేదీ ఒక్కరోజు కూడా జరగకూడదు. దాణా కొట్టు బాకీ ఆ తేదీ చూసుకునే పెట్టుకుంటారు.

డిసెంబరు: చల్లబరచడం

పొదుగు నుంచి వచ్చిన పాలు ఒంటి వేడితో ఉంటాయి. ఆ వేడిలో సూక్ష్మజీవులు అరగంటకో, అంతకంటే తొందరగానో రెట్టింపవుతాయి. 5 డిగ్రీల దగ్గర ఆ ఎదుగుదల చాలా మందగిస్తుంది. కాబట్టి రెండు గంటల్లో ఎంత కిందికి దించగలమన్నదే తెల్లారి పాలు విరుగుతాయా లేదా తేలుస్తుంది. ఫ్రిజ్ గాలిలో నలభై లీటర్ల డబ్బా పెడితే ఈ పని జరగదు. గాలి వేడిని అంత వేగంగా లాగలేదు, నడిమి పాలు అర్ధరాత్రి దాకా వెచ్చగానే ఉంటాయి. డబ్బాను ఐసు నీళ్లలో ముంచాల్సిందే.

ఎంత ఐసు? 40 లీటర్ల పాలను 34 నుంచి 5 డిగ్రీలకు దించడానికి సుమారు 4,650 కిలోజౌళ్ల వేడి తీయాలి. కిలో ఐసు కరిగి, ఆ నీళ్లు 5 డిగ్రీలకు వచ్చేసరికి దాదాపు 355 కిలోజౌళ్లు పీలుస్తుంది. అంటే పాలకు 13 కిలోలు చాలు. ఇక్కడ చాలామంది లెక్కలోకి తీసుకోనిది తొట్టిలోని నీళ్లు. పెద్ద తొట్టిలో 28 డిగ్రీల బోరు నీళ్లు 40 లీటర్లు పోస్తే, వాటిని చల్లబరచడానికే ఇంకో 11 కిలోల ఐసు ఖర్చవుతుంది. డబ్బా చుట్టూ నాలుగు వేళ్ల సందు మాత్రమే మిగిలే ఇరుకు తొట్టి తీసుకుంటే నీళ్లు 15 లీటర్లకు మించవు, ఐసు నాలుగు కిలోలతో సరిపోతుంది. గాలికి పోయేది కలుపుకుని డబ్బాకు 20 కిలోలు లెక్క పెట్టుకున్నాం. తొట్టి చుట్టూ థర్మాకోల్, పైన గోనెసంచి కప్పితే ఆ నీళ్లు మర్నాడు సాయంత్రానికి కూడా చల్లగానే ఉంటాయి, ఐసు ఇంకా తగ్గుతుంది.

రెండు నియమాలు ఎప్పుడూ తప్పకూడదు. బయట నీటి మట్టం లోపలి పాల మట్టం కంటే పైన ఉండాలి. లేకపోతే పైభాగం పాలు వెచ్చగా మిగిలి అక్కడి నుంచే పులుపు మొదలవుతుంది. మొదటి గంటలో ప్రతి పది నిమిషాలకూ స్టీలు కలియబెట్టితో కింది నుంచి పైకి తిప్పాలి. తిప్పితే గంటలో 10 డిగ్రీలకు దిగుతుంది. తిప్పకుండా వదిలేస్తే గోడ దగ్గర 6, నడుమ 20 చూపించినా ఆశ్చర్యం లేదు. థర్మామీటరు ఎప్పుడూ నడుమనే ముంచాలి. ఐసు ముక్క నేరుగా పాలలో పడకూడదు, నీళ్లు కలిపినట్టే లెక్క.

డబ్బాలు అల్యూమినియంవి కాకుండా స్టెయిన్‌లెస్ స్టీలువి తీసుకున్నాం. అల్యూమినియం వేడిని బాగానే వదులుతుంది కానీ సోడా నీళ్లకు గరుకు తేలుతుంది, ఆ గరుకులో పాలగార పడుతుంది.

ఐసుకు ఇంటి దగ్గరి 300 లీటర్ల డీప్ ఫ్రీజరులో వెడల్పు స్టీలు పళ్లేలు పెడితే ఒక డబ్బాకు సరిపడా తయారవుతుంది. మూడు డబ్బాలకు అది చాలదు. అక్కడి నుంచి ఐసు ఫ్యాక్టరీ దిమ్మలో, లేక చిన్న బల్క్ కూలరో కావాలి. కూలరు పెడితే జనరేటరు కూడా పెట్టాలి. సాయంత్రం ఆరింటికి కరెంటు పోతే వేచి చూసే వ్యవధి పాలకు ఉండదు.

జనవరి: సీసాలు, కడుగుడు, దారి

ఇంటింటి ముందు డబ్బా దించి కొలత పెట్టి పోయడం అపార్ట్‌మెంట్లలో నడవదు. తలుపు తీసే మనిషి కోసం ఆగాలి, పోసిన ప్రతిసారీ మూత తెరుచుకుంటుంది. లీటరు గాజు సీసాలు తీసుకున్నాం. ఇంటికి మూడు లీటర్ల వాడకం ఉంటే తొమ్మిది సీసాలు కొనాలి. మూడు ఆ ఇంట్లో, మూడు కడుగుడులో, మూడు దారిలో ఉంటాయి. సీసా మీద పితికిన తేదీ, పచ్చిపాలు అన్న మాట, మరిగించే తాగాలన్న సూచన, ఆహార భద్రతా రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. పచ్చిపాలను కాచకుండా తాగడం మంచిదని నమ్మే ఇళ్లు ఇప్పుడు కొన్ని ఉన్నాయి. బ్రుసెల్లోసిస్, క్షయ బర్రె నుంచి పాల ద్వారా మనిషికి వస్తాయి. ఆ ఇళ్లకు ఈ మాట మొహమాటం లేకుండా చెప్పాలి, వినకపోతే పాలు వేయకపోవడమే మేలు.

కడిగే వరస మారితే ఫలితం మారుతుంది. ముందు మామూలు నీళ్లతో తొలపాలి. మొదటే వేడినీళ్లు పోస్తే పాలలోని మాంసకృత్తులు ఉడికి గోడకు పట్టుకుంటాయి. తర్వాత గోరువెచ్చని చాకలి సోడా నీళ్లతో బ్రష్షు పెట్టి రుద్దాలి, మళ్లీ తొలవాలి, చివర 80 డిగ్రీలు దాటిన నీళ్లతో కడిగి బోర్లించి ఆరబెట్టాలి. గుడ్డతో తుడవకూడదు. తడి మిగిలి మూత పెట్టిన డబ్బా మర్నాటికి వాసన కొడుతుంది. అలా కడిగిన సీసా బాగా ఆరి చల్లబడ్డాకే పాలు నింపాలి, వేడి సీసాలో చల్లటి పాలు పోస్తే పగులుతుంది.

నింపడం తెల్లవారుజామున మూడున్నరకు. రాత్రంతా నిలిచిన డబ్బాలో వెన్న పైకి తేలి ఉంటుంది. కలపకుండా పైనుంచి ముంచితే మొదటి సీసాలకు మీగడ, చివరి సీసాలకు పలచటి పాలు పడతాయి. ఒకింటివాళ్లు పాలు అద్భుతమంటారు, పక్కింటివాళ్లు నీళ్లు కలిపారంటారు. ఇద్దరివీ ఒకే డబ్బా పాలు. ప్రతి ఆరు సీసాలకోసారి నాలుగైదు తిప్పులు తిప్పితే ఈ తేడా పోతుంది. నింపిన సీసాలు మూతున్న థర్మాకోల్ పెట్టెల్లో, గడ్డకట్టిన నీళ్ల బాటిళ్ల మధ్య పెట్టి బండెక్కించాలి. చివరి ఇంట్లో దించేటప్పుడు 8 డిగ్రీలు దాటకూడదని పెట్టుకున్నాం.

ఫిబ్రవరి: విరిగాయన్న ఫిర్యాదు

పాలు విరిగితే ఇంటివాళ్లకు క్షమాపణ, మర్నాడు ఉచితంగా ఒక సీసా ఇవ్వడం మామూలే. అసలు పని ఎక్కడ చెడ్డాయో కనుక్కోవడం. దానికోసం ప్రతి సీసా మూత మీద డబ్బా నంబరు రాస్తాం. పుస్తకంలో ఏ ఇల్లు, దారిలో ఎన్నో వంతు, ఏ డబ్బా అని ఉంటుంది. ప్రతి రైతు పాలూ డబ్బాలో పోసేముందు వంద మిల్లీలీటర్లు చిన్న సీసాలో తీసి పేరు రాసి మర్నాడు మధ్యాహ్నం దాకా ఫ్రిజ్‌లో ఉంచుతాం.

ఫిర్యాదులు ఎలా వచ్చాయన్నదే సగం జవాబు. దారిలో చివరి ఇళ్ల నుంచి మాత్రమే వస్తే బండిలో వేడెక్కుతున్నాయని అర్థం. ఒకే ఇంటి నుంచి మళ్లీ మళ్లీ వస్తే ఆ ఇంట్లో సీసా గుమ్మం దగ్గర ఎనిమిది దాకా ఉండిపోతోందేమో, కాచే గిన్నెకు పాత పాల అంటు ఉందేమో అడగాలి. అన్ని ఇళ్లూ అంటే రాత్రి చల్లబరచడంలో లోపం.

ఈ నెలలో వచ్చిన ఫిర్యాదులు వీటిలో దేనికీ పొసగలేదు. మొదటి ఇళ్లలోనూ చివరి ఇళ్లలోనూ విరిగాయి, నడుమ చాలా ఇళ్లలో బాగున్నాయి. మూతలు చూస్తే విరిగినవన్నీ రెండో డబ్బావి. ఆ డబ్బాలో పోసిన రైతుల నమూనాలు తీసి కాచి చూస్తే ఒక్కటీ విరగలేదు. అంటే రైతుల పాలు మంచివే, డబ్బాలో పోశాకే చెడ్డాయి. నిర్ధారణకు మిథిలీన్ బ్లూ పరీక్ష పెట్టాం. పది మిల్లీలీటర్ల పాలలో ఒక మిల్లీలీటరు నీలిరంగు ద్రావణం కలిపి 37 డిగ్రీల నీళ్లలో ఉంచాలి. సూక్ష్మజీవులు ఎంత ఎక్కువుంటే రంగు అంత తొందరగా పోతుంది. ఒకటో డబ్బా పాలలో నీలం నాలుగు గంటలు దాటినా నిలిచింది, రెండో డబ్బాలో గంటలోపే తెల్లబడింది.

డబ్బా లోపల అద్దంలా ఉంది. మూతలోని రబ్బరు చుట్టు ఊడదీస్తే దాని కింద గాడిలో పసుపురంగు జిగురు కనిపించింది. మూత బిగించిన ప్రతిసారీ పాలు ఆ గాడిలోకి ఎక్కుతాయి, పైపైన కడిగితే అక్కడికి బ్రష్షు చేరదు. చుట్లన్నీ మార్చాం. ఇప్పుడు రోజూ రాత్రి వాటిని ఊడదీసి పది నిమిషాలు మరిగిస్తాం, వారానికోసారి పాలగార వదలడానికి తగిన ఆమ్ల ద్రావణంతో గాడి రుద్దుతాం. ఆ మార్పు తర్వాత రెండో డబ్బాలో నీలం మిగతావాటితో సమానంగా నిలుస్తోంది. డబ్బాల్లో పాలు చెడుతున్న ఎవరైనా ముందు ఈ చుట్టు ఊడదీసి చూడండి.

మార్చి: రూపాయల లెక్క

ఇంటికి లీటరు వంద, రైతుకు సగటున 72, చేతిలో 28. ఒక డబ్బా పాలు, అంటే 40 లీటర్లు మాత్రమే నడిపితే రోజుకు 1,120 వస్తుంది. చిన్న ట్రక్కు రానూపోనూ, అపార్ట్‌మెంట్ల తిరుగుడుతో కలిపి 80 కిలోమీటర్లు, డీజిలు 500. నడిపి పంచే మనిషికి 600. ఐసు, కరెంటు 100, కడుగుడు, పగిలిన సీసాలు 80. మొత్తం 1,280. రోజుకు 160 నష్టం. మూడు డబ్బాలైతే రాబడి 3,360. డీజిలు పెద్దగా పెరగదు, ఇద్దరు మనుషులకు 1,100, ఐసు, జనరేటరుకు 250, సీసాలకు 240, మిగులు పాలకు 200 వేసుకున్నా ఖర్చు 2,310 దగ్గర ఆగుతుంది. వెయ్యి మిగులుతుంది, అందులోంచి బండి వాయిదా కట్టాలి. కాబట్టి నలభై లీటర్లను నేర్చుకునే కాలంగా చూడాలి. అక్కడే ఆగిపోతే మాత్రం చేతి డబ్బు కరిగిపోతుంది. ఇళ్లు చెల్లాచెదురుగా ఉన్నా ఇదే గతి. నాలుగు గేటెడ్ ప్రాంగణాల్లో 80 ఇళ్లుంటే ఇద్దరు రెండు గంటల్లో పంచేస్తారు, అవే 80 ఇళ్లు పది కాలనీల్లో ఉంటే పొద్దెక్కుతుంది.

ఏప్రిల్, మే

బర్రెలు ఎక్కువగా వానాకాలం చివరి నుంచి చలికాలం లోపు ఈనుతాయి. డిసెంబరు, జనవరిలో పాలు పొంగిపొర్లుతాయి. ఏప్రిల్ వచ్చేసరికి ఈనిక పాతబడి, ఎండకు పచ్చిగడ్డి తగ్గి, కొన్ని వట్టిపోయి పాలు పడిపోతాయి. సరిగ్గా అప్పుడే నగరంలో పెరుగుకూ మజ్జిగకూ వాడకం పెరుగుతుంది. నమ్మకాలు చెడేది, నీళ్లు కలిసేది ఈ రెండు నెలల్లోనే. డిసెంబరు పాలను చూసి ఇళ్లు ఒప్పుకున్నవాళ్లకు మేలో దారి ఉండదు.

మేం ప్రతి రైతు బర్రెలకూ చిన్న పట్టిక పెట్టుకున్నాం. ఎప్పుడు ఈనింది, ఎప్పుడు చూడి కట్టింది, ఇప్పుడు పూటకు ఎన్ని లీటర్లు. బర్రె చూడి కాలం సుమారు 310 రోజులు, ఈనడానికి రెండు నెలల ముందు పాలు ఆపేయాలి. చూడి తేదీ తెలిస్తే ఏ బర్రె ఏ నెలలో పాలు ఆపుతుందో ముందే రాసుకోవచ్చు. ఆ పట్టిక ప్రకారం 120 లీటర్లు మేలో 85కి దిగాలి, అటూ ఇటూగా అలాగే దిగాయి. అందుకే జనవరి నుంచే కొత్త ఇళ్లు చేరినా మొత్తం వాడకాన్ని 85 లీటర్లు దాటనివ్వలేదు. చలికాలంలో మిగిలిన పాలు రైతులు కేంద్రంలోనే పోసుకున్నారు. మార్చి లెక్క చూస్తే 85 లీటర్ల దగ్గర మిగులు చాలా సన్నం. దాన్ని పెంచే దారి ధర పెంచడం కాదు, వేసవిలో పాలిచ్చే బర్రెలు వెతుక్కోవడం.

ఇప్పుడు నడుస్తున్న పని అదే. షాబాద్ వైపు ఫిబ్రవరి, మార్చిలో ఈనిన బర్రెలున్న ఇద్దరు రైతుల పాలు రోజూ పరీక్షిస్తున్నాం. ఒకరివి వెన్న 6.8, ఘనపదార్థం 9.1తో నిలకడగా ఉన్నాయి. రెండోవారివి వెన్న బాగానే ఉన్నా లాక్టోమీటరు అంకె రోజు మార్చి రోజు ఊగుతోంది. ఒక బర్రెకు పొదుగువాపు మొదలైందేమో చూడటానికి నాలుగు రొమ్ముల పాలూ విడివిడిగా తీయించి చూడాలి, పశువైద్యుడికి కబురు వెళ్లింది. మందు వేస్తే డాక్టరు చెప్పినన్ని రోజులు ఆ బర్రె పాలు తీసుకోం. ఆ రోజుల పాలకు రైతుకు సగం ధర కట్టివ్వాలని అనుకుంటున్నాం. ఆ భరోసా లేకపోతే మందు వేసిన సంగతి మాకు చెప్పేవాళ్లుండరు.